బెత్తం లేదు, టీసీ లేదు: అసెంబ్లీలో ఒక హెడ్మిస్ట్రెస్ ఐదు నిమిషాలు



జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉదయం అసెంబ్లీ ఎలా ఉంటుందో అక్కడ చదువుకున్న ఎవరికీ చెప్పక్కర్లేదు. తరగతివారీగా వరుసలు, ప్రార్థన, ప్రతిజ్ఞ, నాలుగు వార్తలు, ఒక మంచి మాట. ఆ తర్వాత హెచ్‌ఎం మైకు దగ్గరికి వస్తారు. చాలా రోజులు ఆ మాటలు పదో తరగతి పరీక్ష ఫీజు గురించో, జుట్టు కత్తిరించుకోమనో, ఆలస్యంగా వచ్చేవాళ్ల గురించో ఉంటాయి. ఒక సోమవారం మాత్రం ఒక హెడ్మిస్ట్రెస్ ఆ ఐదు నిమిషాల్నీ వేరే పనికి వాడదలచుకున్నారనుకుందాం. బడిలో పిల్లలు పిల్లల్ని ఏడిపించడం, ఇంగ్లిషులో బుల్లీయింగ్ అంటున్నామే, అది ఇకపై ఈ బడిలో సాగదని చెప్పడానికి. ఈ బడి మనం ఊహించుకుంటున్నదే. అందులో జరిగేవి మాత్రం ఏ ఊళ్లోనైనా జరిగేవే.

గుంటూరు వైపు ఒక ఊరు. ఏడో తరగతిలో ఒక కొత్త కుర్రాడు చేరాడు. తల్లిదండ్రులు శ్రీకాకుళం నుంచి పనికోసం వచ్చారు. మొదటి రోజే సోషల్ మాస్టారు ఏదో అడిగితే సరిగా వినపడక "ఏటి సార్?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. మాస్టారూ నవ్వేశారు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి వాడి పేరు ఏటిగాడు. వారం తిరగ్గానే భోజనాల దగ్గర తొమ్మిదో తరగతి వాడొకడు "ఏటి, గుడ్డేది?" అంటూ వాడి కంచంలోంచి గుడ్డు తీసుకున్నాడు. వెనక ఇద్దరు నవ్వారు. చుట్టూ కూర్చున్న పదిమందీ కంచాల్లోకి చూసుకున్నారు. గుడ్డు ఇచ్చే రోజల్లా అదే తంతు. మూడో వారానికి వాడు బడిలో అన్నం తినడం మానేశాడు. కడుపునొప్పి అన్నాడు. వరుసలో నిలబడటం తప్పించుకోవడానికి రోజూ ప్రార్థన అయ్యాక వస్తున్నాడు. ఆలస్యంగా వచ్చినందుకు పీఈటీ సారు రోజూ గేటు దగ్గర నిలబెడుతున్నారు.

బడిలో ఎవరూ ఇందులో పెద్ద తప్పు చేస్తున్నామని అనుకోవడం లేదు. గుడ్డు తీసుకున్నవాడికి అది సరదా. నవ్వినవాళ్లు తామేం చేయలేదంటారు. పీఈటీ సారు క్రమశిక్షణ చూస్తున్నారు. మాస్టారికైతే ఆ మొదటిరోజు నవ్వు గుర్తు కూడా లేదు.

ఇప్పుడు హెడ్మిస్ట్రెస్ చేతిలో ఏముందో చూద్దాం. పాతకాలం వాళ్లయితే ఇద్దర్నీ పిలిచి నాలుగు తగిలించేవాళ్లు. ఇప్పుడు అది కుదరదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పోనీ టీసీ చేతిలో పెట్టి పంపేద్దామా అంటే, అదే చట్టం 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడిలోంచి తీసేయడానికి వీల్లేదంటోంది. 2019లో వచ్చిన సవరణ ఫెయిల్ చేసే విషయంలో కొంత సడలించింది గానీ, తీసేసే విషయంలో సడలించలేదు. మన కథలో గుడ్డు తీసుకున్నవాడు తొమ్మిదో తరగతి కాబట్టి ఆ సెక్షన్ వాడికి అడ్డురాదు. అయినా టీసీ ఇస్తే వాడు వెళ్లేది పక్క ఊరి బడికి కాదు, మెకానిక్ షెడ్డుకి. ఆ సంగతి ఆమెకు తెలుసు.

మరోవైపు చూస్తే, ఊరుకోవడానికీ వీల్లేదు. ర్యాగింగ్ నిషేధానికి 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టం ఒకటుంది. ర్యాగింగ్ అంటే కాలేజీల గొడవ అని మనం అనుకుంటాం గానీ, విద్యార్థికి అవమానం, భయం, బెదిరింపు కలిగించే పనిని ఆ చట్టం విశాలంగానే చూసింది. ఫిర్యాదు వచ్చాక పట్టించుకోని సంస్థాధిపతిని ఆ నేరాన్ని ప్రోత్సహించినవారి కిందే లెక్కగడుతుంది. సీబీఎస్‌ఈ కూడా 2015 మార్చిలో తన పరిధిలోని బడులన్నింటికీ సర్క్యులర్ పంపి, ఇలాంటి ఫిర్యాదుల కోసం ప్రత్యేకంగా కమిటీలు వేయమంది. కొట్టకూడదు, తరిమేయకూడదు, వదిలేయకూడదు. ఈ మూడింటి మధ్య మిగిలిన చోటులోనే ఆమె గట్టిగా నిలబడాలి.

గట్టిగా అనగానే మనకు పెద్ద గొంతు గుర్తొస్తుంది. "ఇకమీద ఎవరైనా దొరికితే తోలు తీస్తా" అనే రకం. పిల్లలు ఇలాంటివి వింటూనే పెరిగారు. తోలు ఎవరికీ ఊడలేదని కూడా వాళ్లకు తెలుసు. పైగా శిక్ష మరీ పెద్దదని ప్రకటిస్తే ఇంకో చిక్కు వస్తుంది. చూసిన పిల్లలు చెప్పరు. తమ మాట వల్ల ఒకడి చదువే పోతుందంటే ఎవరు నోరు విప్పుతారు? టీచర్లు కూడా చిన్న విషయానికి అంత శిక్ష ఎందుకులే అని చూసీ చూడనట్టు పోతారు. అందుకని శిక్ష చిన్నదైనా ఫరవాలేదు, తప్పకుండా పడాలి, ఆ రోజే పడాలి. ఆమె ప్రసంగం మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది.

మైకు దగ్గరికి రావడానికి ముందు, శనివారం సాయంత్రం, ఆమె స్టాఫ్ మీటింగ్ పెట్టారు. చాలా బడుల్లో తప్పిపోయే మెట్టు ఇదే. పిల్లలకు మారుపేర్లు పెట్టడంలో టీచర్లు పిల్లలకేమీ తీసిపోరు. నల్లోడా, మొద్దు, బండోడా, పొట్టిదానా. ప్రేమగానే అంటారు, కాదనడానికి లేదు. కానీ టీచరు నోట ఒకసారి వచ్చిన పేరును క్లాసులో ఇక ఎవరూ తప్పుగా చూడరు. హెడ్మిస్ట్రెస్ ఎవరి పేరూ ఎత్తకుండా మూడు విషయాలు అడిగారు. పిల్లల్ని హాజరుపట్టీలో ఉన్న పేరుతోనే పిలవాలి. ఏ పిల్లవాడైనా వచ్చి చెప్పుకుంటే "నువ్వేం చేశావు ముందు?" అని ఎదురు ప్రశ్న వేయకూడదు. భోజనాల దగ్గర, నీళ్ల కుళాయి దగ్గర, బాత్రూముల వైపు, సైకిల్ స్టాండు దగ్గర రోజుకొకరు వంతులవారీగా ఉండాలి. స్టాఫ్ రూములో కాసేపు సణుగుడు వినపడింది. భోజనం వేళ వాళ్లకూ ఉన్న ఒకే ఒక విరామం కదా! ఆమె తన పేరునే సోమవారం వంతులో మొదట రాసుకున్నారు.

ఇక సోమవారం. ప్రతిజ్ఞ అయిపోయింది. మన దేశమంతా బడిపిల్లలు చెప్పే ఆ ప్రతిజ్ఞను 1962లో మొదట తెలుగులోనే రాసినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టి, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. పెద్దల్ని గౌరవిస్తాం, అందరితో మర్యాదగా మెలుగుతాం అనే అర్థమున్న మాటలు అందులో ఉన్నాయి. రోజూ చెప్పే మాట కాబట్టి పిల్లల నోట అది ఆగకుండా దొర్లిపోతుంది. అందుకే ఆమె తాను చెప్పేదాన్ని మరో ప్రతిజ్ఞగా మార్చదలచుకోలేదు. ఎవరిచేతా ఏదీ పలికించలేదు. మామూలుగా, ఇంట్లో మాట్లాడినట్టు మొదలుపెట్టారు.

"పిల్లలూ, ఎండ ఎక్కకముందే వదిలేస్తాను. ఈ ఐదు నిమిషాలు నా మాట వినండి. మన బడికి కొంతమంది భయపడుతూ వస్తున్నారు. పరీక్షలకు కాదు, టీచర్లకు కాదు, మనలో మనకే భయపడుతున్నారు. ఎవరని నేను చెప్పను. మీరూ చుట్టూ చూసి వెతకొద్దు.

ఒకరిని పదే పదే వెక్కిరించడం, పేరు మార్చి పిలవడం, కులం పేరు ఎత్తడం, ఒంటి రంగు, మాట్లాడే యాస, వాళ్ల నాన్న చేసే పని పట్టుకుని నవ్వడం, తిండి లాక్కోవడం, నెట్టడం, ఆటలో చేర్చుకోవద్దని మిగతావాళ్లకు చెప్పడం, ఫోన్లో ఫొటో పెట్టి పదిమందికి పంపడం. ఇవి ఈ బడిలో ఇక జరగనివ్వను. సరదాకి అన్నాం మేడమ్ అని మీరు అంటారు. సరదా అయితే ఇవాళ వాడి వంతు, రేపు నీ వంతు రావాలి కదమ్మా. ఎప్పుడూ ఒక్కరి వంతే వస్తుంటే అది సరదా కాదు. వాడు కూడా నవ్వుతున్నాడుగా అనొద్దు. ఏడిస్తే ఇంకా ఏడిపిస్తారని నవ్వే పిల్లలు ఉంటారు.

ఇప్పుడు నేనేం చేస్తానో చెబుతున్నాను. నాకు గానీ ఏ టీచరుకు గానీ విషయం తెలిసిన రోజే, బడి వదిలేలోపు నేను మాట్లాడతాను. బాధపడినవాళ్లతో ముందు, చేసినవాళ్లతో తర్వాత, ఒక్కొక్కరితో విడివిడిగా. మర్నాడు చేసినవాళ్ల ఇంట్లోవాళ్లను పిలుస్తాను. తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. రెండు వారాలు భోజనం టీచర్ల పక్కన కూర్చుని తినాలి, ఆటల పీరియడ్‌లో నా గది ముందు కూర్చోవాలి. ఆ రెండు వారాల్లో మళ్లీ జరిగితే మళ్లీ పిలుస్తాను, మళ్లీ మొదటినుంచి. నేను కొట్టను. తిట్టను. టీసీ ఇవ్వను. వదలను కూడా.

చూస్తూ నిలబడేవాళ్లు మీలో ఎక్కువమంది. మీకు నేను పెద్ద పని చెప్పడం లేదు. నవ్వొద్దు. వీలైతే ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్లి 'రారా, మనం అటు పోదాం' అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. తర్వాత ఎవరో ఒక పెద్దవాళ్లకు చెప్పండి. కొట్లాటకు మాత్రం దిగొద్దు. అలా చెప్పడం చాడీ కాదు.

బాధపడుతున్నవాళ్లకు ఒక్క మాట. ఇందులో నీ తప్పేమీ లేదు నాన్నా. నా దగ్గరికి రా. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వలేను. సాయం చేయగలిగినవాళ్లకే చెబుతాను, అదీ ముందు నీకు చెప్పి చెబుతాను.

ఇంకొకటి. ఇవాళ్టి నుంచి టీచర్లం కూడా ఎవరినీ వేరే పేర్లతో పిలవం. మేం మర్చిపోయి పిలిస్తే మాకు గుర్తు చేయండి. ఇక క్లాసులకు వెళ్లండి."

ఇంతే. ఈ ప్రసంగంలో ఉన్నవాటితో పాటు, లేనివి కూడా గమనించాలి. ఆ కుర్రాడి ఊసు లేదు, గుడ్డు మాట లేదు. గుడ్డు అని ఉంటే చాలు, అందరి కళ్లూ వాడి మీదికే తిరిగేవి. చేసినవాడిని వేదిక మీదికి పిలిచి క్షమాపణ చెప్పించలేదు. అందరిముందూ తలవంచినవాడు ఆ అవమానాన్ని ఎక్కడో ఒకచోట తీర్చుకుంటాడు, తీర్చుకునేది ఎక్కువగా ఆ పిల్లవాడి మీదే. "ఇప్పటిదాకా జరిగింది మర్చిపోదాం, ఇవాళ్టి నుంచి కొత్తగా మొదలుపెడదాం" అనే మాట కూడా లేదు. అది చాలామంది పెద్దల నోట అలవోకగా వచ్చేసే మాట. వినడానికి ఉదారంగానే ఉంటుంది. మూడు వారాలు ఆకలితో ఉన్న పిల్లవాడికి మాత్రం, నీ సంగతి మాఫీ చేసేశామని వినపడుతుంది.

ఎవరికీ చెప్పనని మాటివ్వలేను అన్నదీ ఊరికే అన్నది కాదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందన్న అనుమానం వచ్చినా పోలీసులకు తెలియజేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది. చెప్పకపోతే అదీ నేరమే. రేపు ఒక అమ్మాయి వచ్చి ఏం చెబుతుందో ముందే తెలియదు కదా! రహస్యంగా ఉంచుతానని మాటిచ్చి, మర్నాడు ఆ మాట తప్పితే ఆ అమ్మాయి ఇంకెప్పుడూ ఏ పెద్దవాళ్లనూ నమ్మదు.

ప్రసంగంలో ఎక్కువ బరువు చూస్తూ నిలబడేవాళ్ల మీద పెట్టడానికి ఒక కారణముంది. 1990లలో కెనడాలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ అనే పరిశోధకులు టొరంటో బడుల ఆటస్థలాల్లో కెమెరాలు పెట్టి, పిల్లలకు వైర్‌లెస్ మైకులు తగిలించి, విరామంలో ఏం జరుగుతోందో రికార్డు చేశారు. ఏడిపించడం జరిగినప్పుడు దాదాపు ప్రతిసారీ చుట్టూ ఇతర పిల్లలున్నారు. వాళ్లు అడ్డుపడింది మాత్రం ఐదింట ఒకసారే. కానీ అడ్డుపడినప్పుడల్లా ఏమైందో చూస్తే, సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే ఆగిపోయింది. గుడ్డు లాక్కునేవాడికి కావలసింది గుడ్డు కాదు. వెనక నవ్వే ఆ ఇద్దరు. నవ్వు ఆగితే ఆ పనిలో పస పోతుంది.

ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం క్రిస్టినా సాల్మివల్లి ఆధ్వర్యంలో 2006లో మొదలుపెట్టిన కివా అనే కార్యక్రమం కూడా ఈ నవ్వేవాళ్ల మీదే దృష్టి పెట్టింది. ఆమె బృందం చేసిన పనిలో మన హెడ్మిస్ట్రెస్ తీసుకున్నది ఒకటుంది. ఏడిపించినవాడినీ ఏడ్చినవాడినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయకపోవడం. మనకు పంచాయతీ అలవాటు ఎక్కువ. ఇద్దరినీ పిలిచి, ఇద్దరి మాటా విని, చేతులు కలిపించి పంపేస్తాం. సమానంగా తన్నుకున్న ఇద్దరి మధ్య అది పనికొస్తుంది. ఒకడు ఎప్పుడూ తీసుకునేవాడు, ఇంకొకడు ఎప్పుడూ పోగొట్టుకునేవాడు అయినచోట పనికిరాదు. ఆ గదిలో చిన్నవాడు "ఏం లేదు మేడమ్, ఆడుకుంటున్నాం" అని చెప్పి బయటపడతాడు. ఫైలు మూసేస్తారు.

సరే, మన కుర్రాడి సంగతికి వద్దాం. సోమవారం వాడు యథాప్రకారం ప్రార్థన అయ్యాకే వచ్చాడు. ఆమె మాటలు గేటు దగ్గర నిలబడి విన్నాడు. వాడంతట వాడు వచ్చి చెప్పలేదు. చెప్పరు కూడా, మొదటి రోజు ఎవరూ చెప్పరు. మంగళవారం ఏడో తరగతి అమ్మాయి ఒకతె తెలుగు టీచరుతో నీళ్లు తాగుతూ తాగుతూ అంది, "టీచర్, వాడు అన్నం తినట్లేదు, గుడ్డు రోజు అన్న లాగేసుకుంటున్నాడు" అని. హెచ్‌ఎంకు కబురు వెళ్లింది. మూడో పీరియడ్‌లో ఆమె కుర్రాడిని పిలిపించారు. ఎందుకు చెప్పలేదని అడగలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరున్నారు, ఏమన్నారు అని మాత్రమే అడిగి, వాడి మాటల్లోనే రాసుకున్నారు. ఇప్పుడు ఏం జరగబోతోందో చెప్పి, భోజనానికి ఎవరి పక్కన కూర్చుంటావని అడిగారు. వాడు ఆ అమ్మాయి తమ్ముడి పేరు చెప్పాడు, ఆరో తరగతి వాడు.

తర్వాత తొమ్మిదో తరగతి ముగ్గురినీ ఒకే పీరియడ్‌లో, ఒకడి తర్వాత ఒకడిని, మధ్యలో కలుసుకునే వీల్లేకుండా పిలిచారు. ఇందులో మెలకువ ఉంది. ఇవాళ ఒకడిని, రేపు ఒకడిని పిలిస్తే రాత్రికి ముగ్గురూ కలిసి ఒకే కథ అల్లుకుంటారు. "ఎవరు చెప్పారు మేడమ్?" అన్నది మొదటివాడి మొదటి ప్రశ్న. దానికి ఆమె జవాబు ముందే సిద్ధంగా ఉంది. భోజనాల దగ్గర రోజూ మూడొందల మంది చూస్తున్నారు, ఎవరైనా చెప్పి ఉండొచ్చు. ఇక ఎవరినైనా దీని గురించి నిలదీసినా, అదీ ఏడిపించడం కిందికే వస్తుంది. నువ్వు చేసింది చెప్పు, ఎందుకన్నది తర్వాత. రెండోవాడు నేను నవ్వానంతే అన్నాడు. మూడోవాడు ఏడ్చేశాడు. గుడ్డు తీసుకున్నవాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తేలిందేమిటంటే, వాడు ఆరో తరగతిలో ఉన్నప్పుడు వాడి కంచంలోదీ ఎవరో లాక్కునేవారట. ఆమె అది కూడా రాసుకున్నారు. కానీ ఆ కారణంగా శిక్ష తగ్గించలేదు. కారణం వేరు, లెక్క వేరు.

బుధవారం తల్లిదండ్రులు వచ్చారు. ఈ ఘట్టంలో చాలా బడులు చేతులెత్తేస్తాయి. ఒక తండ్రి ఆఫీసు గదిలోనే కొడుకు చెంప మీద కొట్టబోతే ఆమె లేచి అడ్డుపడాల్సి వచ్చింది. బడిలో ఎవరూ కొట్టకూడదు అన్న నియమం తండ్రికీ వర్తిస్తుందని చెప్పారు. ఇంకో తల్లి మా వాడు అలాంటివాడు కాదంది. ఆమె వాదనకు దిగలేదు. వాడు చెప్పినదే చదివి వినిపించి, రెండు వారాల సంగతి చెప్పి, సంతకం తీసుకున్నారు. గుడ్డు తిరిగి ఇవ్వడం ఎలా అన్నదానికి ఆ తల్లే దారి చెప్పింది. ఇంట్లో కోళ్లున్నాయట. గురువారం ఆరు గుడ్లు వచ్చాయి. హెడ్మిస్ట్రెస్ వాటిని నేరుగా ఆ కుర్రాడి చేతికి ఇప్పించలేదు, వంటావిడకు ఇచ్చారు. చేతికి ఇప్పిస్తే అదో తతంగమై, వాడికి ఇంకో పేరు పుట్టేది.

పీఈటీ సారు కూడా ఆ వారం గేటు దగ్గర వాడిని నిలబెట్టడం ఆపారు. ఆలస్యం వెనక కారణం ఉండొచ్చన్నది ఆయనకు అప్పుడు తట్టింది.

వారం తర్వాత ఆమె కుర్రాడిని మళ్లీ పిలిచారు. రెండో వారం చివర ఇంకోసారి. "ఇప్పుడు బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు కాబట్టి అలా అడగలేదు. నిన్న ఎవరి పక్కన తిన్నావు, ఏం కూర, గుడ్డు తిన్నావా అని అడిగారు. గుడ్డు తింటున్నాడు. ఏటిగాడు అన్న పేరు మాత్రం పూర్తిగా పోలేదు, ఆటలో అప్పుడప్పుడు వినపడుతోంది. గుడ్డు లాక్కోవడం ఒక్కడు ఆపితే ఆగింది. పేరు నలభై మంది నోళ్లలో ఉంది. దాని మీద క్లాసు టీచరు నెల రోజులు పనిచేయాల్సి వచ్చింది.

ఇక్కడ ఫిర్యాదుల పెట్టె గురించి కూడా చెప్పాలి. చాలా బడుల్లో హెచ్‌ఎం గది పక్కనే తాళం వేసిన పెట్టె ఒకటుంటుంది. అందులో కాగితం వేయాలంటే వరండాలో అందరి ముందూ నడిచి వెళ్లాలి. ఎవరు వేశారో మొత్తం బడికి తెలుస్తుంది. అందుకే ఆ పెట్టెల్లో చాక్లెట్ కాగితాలే ఎక్కువ. మన హెడ్మిస్ట్రెస్ పెట్టె తీసేసి, ప్రతి శనివారం చివరి పీరియడ్‌లో అందరికీ చిన్న చీటీలు పంచారు. రెండే ప్రశ్నలు: ఈ వారం ఎవరైనా ఒంటరిగా ఉండటం చూశావా? బడిలో నీకు భయమేసే చోటు ఏది? ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయాలి. ఖాళీగా ఎవరూ ఇవ్వకూడదు. అందరి చేతుల్లోనూ పెన్ను కదులుతుంది కాబట్టి ఎవరు ఫిర్యాదు రాస్తున్నారో పక్కవాడికి తెలియదు. మొదటి శనివారం పదకొండు చీటీల్లో ఒకే చోటు పేరు వచ్చింది. ఆడపిల్లల బాత్రూము వెనక గోడ. అక్కడికి అప్పటిదాకా ఏ టీచరుకూ వంతు వేయలేదు.

ఇలాంటి ఏర్పాట్లతో ఏడిపించడం బొత్తిగా పోతుందా అంటే, పోదు. ఈ రంగంలో మొట్టమొదటి పెద్ద ప్రయత్నం నార్వేలో జరిగింది. 1982 చివర్లో అక్కడ ఉత్తరాన ముగ్గురు అబ్బాయిలు తోటిపిల్లల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకోవడంతో దేశం ఉలిక్కిపడింది. మరుసటేడాదే విద్యాశాఖ దేశమంతటా ఉద్యమం మొదలుపెట్టింది. డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బెర్గెన్ నగరంలో 42 బడుల్లో దాదాపు 2,500 మంది పిల్లల్ని గమనిస్తూ వచ్చి, వేధింపులు ఇంచుమించు సగానికి తగ్గాయని చూపించారు. తర్వాత ఇతర దేశాల్లో అదే స్థాయి ఫలితం రాలేదు. మరియా ట్టోఫీ, డేవిడ్ ఫారింగ్టన్ 2011లో అనేక దేశాల కార్యక్రమాల్ని కలిపి చూస్తే తగ్గుదల సగటున ఐదో వంతు అని తేలింది. మూడొందల మంది బడిలో ఐదో వంతు అంటే చిన్న సంగతేమీ కాదు. కానీ అసెంబ్లీలో ఒకసారి మాట్లాడితే అది కూడా రాదు. భోజనాల దగ్గర వంతులు, ఇంట్లోవాళ్లతో మాటలు, చాలాకాలం వదలకుండా సాగించడం, ఇవన్నీ ఉన్నచోటే వచ్చింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రసంగం తర్వాత నెలలో ఫిర్యాదులు పెరుగుతాయి. తగ్గవు. ఎంఈఓ ఆఫీసులో రిజిస్టరు చూసి, మీ బడిలోనే ఇంత గొడవేమిటని అడగొచ్చు. ఇదివరకు జరిగేవి ఇప్పుడు కాగితం మీదికి వస్తున్నాయి, అంతే. జరుగుతున్నవి నిజంగా తగ్గుతున్నాయా లేదా అన్నది ఆ సంఖ్యలో కనపడదు. అదే పేర్లు మళ్లీ వస్తున్నాయా, అవే చోట్లు మళ్లీ వస్తున్నాయా అన్నదాంట్లో కనపడుతుంది. పాత పేర్లు రాకుండా కొత్తవి వస్తుంటే పని జరుగుతున్నట్టు. ఒకే పిల్లవాడి పేరు మూడు శనివారాలు వరసగా వస్తే, ఎక్కడో ఒక టీచరు మాటిచ్చి మర్చిపోయినట్టు.

ఎంత మంచి హెచ్‌ఎం అయినా బదిలీ అవుతారు. కొన్ని బడుల్లో అసలు వినేవాళ్లే ఉండరు. అలాంటప్పుడు తల్లిదండ్రులు నోటిమాటగా కాకుండా తేదీలతో సహా కాగితం మీద రాసి బడిలో ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోవాలి. అక్కడ పని జరగకపోతే ఎంఈఓ, ఆ పైన డీఈఓ ఉన్నారు. పిల్లలు స్వయంగా గానీ, వాళ్ల తరఫున ఎవరైనా గానీ, 1098 నంబరుకు డబ్బులు లేకుండా ఫోను చేయొచ్చు. ఆ నంబరు గోడ మీద రాసి ఉన్న బడులు చాలానే ఉన్నాయి. మన హెడ్మిస్ట్రెస్ మాత్రం ఆఫీసు గోడ మీదిది చెరిపించి, నీళ్ల కుళాయి పైన రాయించారు. పిల్లలు నిలబడి చదివేది అక్కడే కాబట్టి.

జూన్ నెలలో బడులు తెరిచాక చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల నుంచి కొత్త ఆరో తరగతి వస్తుంది. వాళ్లు ఈ ప్రసంగం వినలేదు. అప్పుడు ఆమె అసెంబ్లీలో కాకుండా వాళ్ల క్లాసులోకే వెళ్లి, బెంచీల మధ్య నిలబడి మళ్లీ చెబుతారు. ఈసారి ఆ కుర్రాడు ఎనిమిదిలో ఉంటాడు, గుడ్డు తీసుకున్నవాడు పదిలో. ఆరో తరగతి వాళ్లకు భోజనాల దగ్గర కంచాలు, కుళాయి, బాత్రూములు చూపించే పనికి పెద్ద తరగతుల నుంచి నలుగురు కావాలి. ఆ నలుగురి జాబితాలో ఈ ఇద్దరి పేర్లూ రాయాలా వద్దా అన్నదాని మీద స్టాఫ్ రూములో రెండు రోజులుగా చర్చ నడుస్తోంది. తెలుగు టీచరు రాయాలంటున్నారు. సోషల్ మాస్టారు ఒకరినే రాద్దామంటున్నారు, ఎవరినో ఇంకా తేల్చలేదు.